ఆయనకి మిగిలిన మూడు మాటలు

ఏలూరు, పవర్‌పేట
జూన్ 9

జోసెఫ్ అన్నయ్య గారికి,
వసుంధర నమస్కారాలు.

నేను మీ స్నేహితుడు హనుమంతరావు గారి భార్యని. మా పెళ్లికి మీరు ఇటార్సీ నుంచి వచ్చారు. ఆ తర్వాత మనం చూసుకోలేదు. మీకు ఫోన్ చేస్తే పక్కింటాయన ఎత్తి, “ఆయనకి చెవులు పూర్తిగా పోయాయండీ. ఏవన్నా ఉంటే ఉత్తరం రాయండి, శుభ్రంగా చదూకుంటారు” అన్నారు. అందుకని రాస్తున్నాను.

ఆయనకి మార్చిలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు కొంచెం కొంచెం కదులుతున్నాయి. మాట మాత్రం పోయింది. పూర్తిగా పోయిందన్నా బాగుండేదేమో. మూడు మాటలు మిగిలాయి. అరే, యార్, భాయ్. మెదడులో మాటలు కూర్చే చోట దెబ్బ తగిలిందని, ఏళ్ల తరబడి ఆలోచించకుండా నోటివెంట వచ్చేసినవి మాత్రం ఇలా మిగులుతాయని డాక్టరు గారు చెప్పారు. కాలూ చెయ్యీ ఆడించడానికి వచ్చే షారోన్ అనే అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. “ఊరికే అనట్లేదండీ ఆయన. ఒక్కోసారి ఒక్కోలా అంటున్నారు, చూడండి” అంది.

చూస్తున్నాను. అర్థం కావడం లేదు. ముప్ఫై ఏళ్లు ఆయన అక్కడ ఇటార్సీలో, రైలింజన్ల షెడ్డులో, నేను తాడేపల్లిగూడెంలో పంతులమ్మగా గడిపేశాం. ఏడాదికి రెండుసార్లు వచ్చేవారు. వచ్చినప్పుడు నాతో చక్కగా తెలుగే మాట్లాడేవారు. ఇప్పుడా తెలుగులో ఒక్క ముక్క లేదు. మిగిలిన మూడూ నాకు రానివి.

హిందీ నిఘంటువు చూశాను. యార్ అంటే స్నేహితుడట, భాయ్ అంటే సోదరుడట. అరే అంటే మనకి తెలిసిందే, ఒరేయ్ లాంటిది. నన్ను ఏనాడూ ఏకవచనంలో పిలవని మనిషి, మొన్న మా ఆడపడుచు ఎదురుగా చెంచా విసిరి “అరే భాయ్!” అన్నారు. ఆవిడ ముక్కున వేలేసుకుంది. నేను వంటింట్లోకి వెళ్లిపోయి ఏడ్చాను.

ఆయన నాతోనే మాట్లాడుతున్నారో, లేక అక్కడి వాళ్లెవరితోనో మాట్లాడుతున్నారో నాకు తెలియాలి. ఇంతకు మించి నాకేమీ అక్కర్లేదు. మీరు తప్ప చెప్పగలవాళ్లు లేరు.

ఇట్లు
వసుంధర


ఆటపాక, కైకలూరు దగ్గర
జూన్ 17

చెల్లెమ్మ వసుంధర గారికి,
జోసెఫ్ వందనాలు.

ఉత్తరం చదివి కొల్లేటి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. హనుమంతుకి మాట పోవడమేమిటి! షెడ్డులో వాడి నోరు మూయించడానికి ఇంజన్ స్టార్ట్ చేసేవాళ్లం. ఆ ఇంజన్లే నా చెవులు తినేశాయి. వినపడని నన్ను పట్టుకుని మాట ఎలా పలికాడో చెప్పమన్నారు, దేవుడి లెక్కలు దేవుడివి.

ముందు ఆ నిఘంటువు అటక మీద పెట్టండి. ఈ మాటలకి అర్థం ఉండదమ్మా, స్వరం ఉంటుంది. కూరలో ఉప్పు లాంటివి. ఉప్పు ఒక్కటే తిని రుచి చెప్పమంటే ఎవరు చెప్తారు?

మేమిద్దరం అక్కడికి వెళ్లినప్పుడు మాకొచ్చింది బళ్లో చదువుకున్న హిందీ. అందరినీ మీరు అన్నట్టు ఆప్ అనేవాళ్లం, ప్రతి పేరు వెనకా జీ తగిలించేవాళ్లం. మన గోదావరోళ్లకి అండీ లేకపోతే ముద్ద దిగదు కదా, ఆ అండీనే అక్కడ జీ చేసి వడ్డించాం. మనకి అండీలో ప్రేమ కూడా ఉంటుంది. అక్కడ తోటి పనివాడిని జీ అంటే, నువ్వు అల్లంత దూరంలో ఉండు అన్నట్టు. ఏడాది దాకా మమ్మల్ని ఎవరూ టీకి పిలవలేదు.

ఇంకోటి వినండి. మా ఫోర్‌మన్ పెద్దాయన ఒక రోజు వీణ్ణి చూసి “అరే హనుమంత్, ఖానా ఖాయా?” అన్నాడు. తిన్నావా అని ప్రేమగా అడిగాడు పాపం. వీడికి ఆ అరే మన ఒరేయ్‌లా తగిలింది. నన్ను ఒరే అంటాడా అని ఆ పూట అన్నం మానేశాడు. మీరు చేసిన పొరపాటూ అదే. మన ఒరేయ్ మనిషిని పిలుస్తుంది. వాళ్ల అరే ఎక్కువసార్లు మనిషిని పిలవదు, మనసు ఉలిక్కిపడిందని చెబుతుంది. తల్లి ముందైనా, దేవుడి ముందైనా అనొచ్చు.

ఇదంతా మాకు నేర్పింది సినిమా హాలు. ప్రతి ఆదివారం నేల టికెట్టు కొనుక్కుని కూర్చునేవాళ్లం. కథ అక్కర్లేదు మాకు. హీరో పక్కనున్న స్నేహితుడు ఎక్కడ యార్ అన్నాడు, ఎక్కడ మింగేశాడు, అదే చూసేవాళ్లం. గదికొచ్చి అద్దం ముందు ఒకరికొకరం ఒప్పజెప్పుకునేవాళ్లం.

అరే మాట మొదట్లో వస్తుంది. పొట్టిగా, పైకి లేస్తే ఆశ్చర్యం. సాగదీసి కిందికి దిగితే “ఎంత పని చేశావు” అని, అందులో కోపమూ ఉండొచ్చు, ముద్దూ ఉండొచ్చు. గబగబా రెండుసార్లు అంటే ఏదో పడిపోతోంది, పట్టుకో అని. ఊపిరితో కలిపి మెల్లగా అంటే జాలి. యార్ ఎక్కువగా వాక్యం చివరికి వస్తుంది. భాయ్ ఎటైనా ఉంటుంది.

మీ ఆడపడుచు గారు ముక్కు మీద వేలు తీసెయ్యవచ్చు. అరే, భాయ్ కలిసి వస్తే అది విసుగు. దానికి ఆడా మగా లేదు. పెళ్లాన్ని అంటారు, పిల్లల్ని అంటారు, కదలని ఇంజన్‌ని కూడా అంటారు. భాయ్ ఒంటరిగా వస్తే వేరే సంగతి, అది వచ్చినప్పుడు చూద్దాం.

ఈసారి మాట ఒక్కటే రాయకండి. ఎంత సాగింది, పైకి లేచిందా, దిగిందా, కళ్లు ఎక్కడున్నాయి, చెయ్యి ఏం చేసింది, అన్నీ రాయండి. నాకు వినపడేలా రాయండి.

మీ అన్నయ్య
జోసెఫ్


ఏలూరు
జూలై 3

అన్నయ్య గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నాలుగు పేజీలూ ఆయనకి వినిపించాను. ఫోర్‌మన్ గారి దగ్గరికి రాగానే ఎడం చేత్తో మంచం కోడు మీద కొట్టి, “అరేఏ...” అని సాగదీశారు. కిందికి దిగింది. కళ్లు నవ్వుతున్నాయి. అంటే ఇంతకాలానికి మీరు నా దగ్గర ఆయన పరువు తీసినందుకన్నమాట!

నిన్న పొద్దున్న నేను గుమ్మంలో కూరగాయలమ్మాయితో బేరమాడుతుంటే లోపల్నుంచి “అరే అరే” అని వినపడింది. గబగబా రెండు. బేరం వదిలేసి పరిగెత్తాను. పొయ్యి మీద పాలు గిన్నె అంచు దాకా వచ్చాయి. స్టౌ ఆపి అక్కడే నిలబడిపోయాను. పెళ్లయ్యాక ఆయన నాతో అన్న మాటలన్నిటిలోకీ అదే నాకు బాగా అర్థమైన మాట అనిపించింది. నవ్వుకోకండి.

యార్ సంగతే తెలియడం లేదు. మీరు వాక్యం చివర వస్తుందన్నారు. ఆయన దగ్గర వాక్యమే లేదు, చివర మాత్రం ఉంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నా చీర చెంగు పట్టుకుంటారు. ముఖం గోడ వైపు ఉంటుంది. “యార్” అంటారు. బరువుగా, కిందికి జారుతుంది. నేను “ఏవండీ, మంచినీళ్లు కావాలా? పక్క సర్దనా?” అని అడుగుతాను. తల అడ్డంగా ఊపుతారు. మళ్లీ “యార్.” ఏం కావాలో తెలియక నేనూ అలాగే నిలబడతాను.

అడగకూడనిది అడుగుతున్నాను. ఆ మాట ఆయన అక్కడ ఎవరిని అనేవారు? ఆ ముప్ఫై ఏళ్లూ అక్కడున్న మనిషిని నేను చూడలేదు. గూడెంలో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, ఆయన ఈ వేళ ఏం తిన్నారో అనుకునేదాన్ని. ఎలా నవ్వుతున్నారో, ఎవరితో నవ్వుతున్నారో అనుకోవడం నాకు తోచనే లేదు. ఇప్పుడు తోస్తోంది. ఉన్నది ఉన్నట్టు రాయండి.

వసుంధర


ఆటపాక
జూలై 12

చెల్లెమ్మా,

మీకు ఆ భయం అక్కర్లేదు. వాడు యార్ అన్నది నన్ను.

మీరు రాసిన యార్ నాకు వినపడింది. చెవులు పోయాక ఇంత స్పష్టంగా ఏదీ వినపడలేదు. రాత్రి డ్యూటీ దిగి గదికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద పడి, గోడ వైపు తిరిగి అలాగే అనేవాడు. దాని ముందు వాక్యం ఉండేది, “థక్ గయా యార్”, అలిసిపోయాను అని. అదీ లేనిరోజు ఒట్టి యార్ ఒక్కటే. అప్పుడు నీళ్లియ్యకూడదమ్మా, పక్క సర్దకూడదు. పక్కన కూర్చోవాలి, అంతే.

యార్‌ని సాగదీసి పైకి లేపితే బతిమాలడం, సినిమాకి రా యార్ అన్నట్టు. ముందు ఏమిటనే “క్యా” తగిలి గట్టిగా వస్తే ఫిర్యాదు. ఎంత తిట్టినా చివర యార్ ఉంటే ఆ తిట్టుకి విషం ఉండదు. అది పెద్దవాళ్లని అనరు, ఆఫీసర్ని అనరు, పరాయివాణ్ణి అంటే తంతారు. ఎవరి దగ్గర దాచుకునేది ఏమీ లేదో వాళ్లనే అంటారు. మా రోజుల్లో భార్యని యార్ అన్న మగాణ్ణి నేను చూడలేదు, తెర మీద కూడా. ఇప్పటి పిల్లలు అనుకుంటున్నారట.

వాడు ఆ గదిలో నా చోటు మీకిచ్చేశాడు. చదివి కాస్త కుళ్లుకున్నాను. నా భార్య విక్టోరియా పోయి అయిదేళ్లయింది. ఇక్కడ నాకు గూడబాతులు, చేపల చెరువులు, ఆదివారం చర్చిలో చేతులు కలిపేవాళ్లూ ఉన్నారు. అందరూ జోసెఫ్ గారూ అంటారు, పెదాలు చూసి తెలుసుకుంటాను. యార్ అనేవాడు లేడు.

ఈసారి మీరూ అని చూడండి. “హా, యార్” అనండి. ఒక్క షరతు. అండీ తగిలించకూడదు.

జోసెఫ్


ఏలూరు
ఆగస్టు 2

అన్నయ్య గారికి,

వారం రోజులు నోరు రాలేదు. మొగుణ్ణి స్నేహితుణ్ణి చేసి పిలవడం అంటే, గుళ్లో చెప్పులతో నడవమన్నట్టుంది నాకు. నిన్న సాయంత్రం చెంగు పట్టుకుని యార్ అనగానే కళ్లు మూసుకుని అనేశాను. తీరా నోట్లోంచి వచ్చింది “హా యార్ అండీ” అని!

నవ్వారు. మార్చి తర్వాత మొదటిసారి. భుజాలు కదిలేలా నవ్వి, దగ్గొచ్చి, కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వారు. షారోన్ అప్పుడే మెట్లెక్కి వస్తూ, “ఏంటండీ, లాటరీ తగిలిందా?” అంది. తగిలిందనే చెప్పాను.

తర్వాత పక్కన కూర్చున్నాను. నీళ్లివ్వలేదు. చీకటి పడేదాకా ఇద్దరం అలా ఉన్నాం. అన్నయ్య గారూ, గూడెంలో ఇంటినిండా మనుషుల మధ్య ఉండి కూడా నేను చాలా ఒంటరిగా బతికాను. ఎవరికీ చెప్పలేదు. నిన్న ఆ గంటసేపు మాత్రం అలా లేదు.

వసుంధర


ఏలూరు
అక్టోబరు 20

అన్నయ్య గారికి,

ఇన్నాళ్లు రాయలేకపోయాను. వినాయక చవితి వెళ్లాక ఆయనకి మళ్లీ వచ్చింది. చిన్నదే అన్నారు. ఆసుపత్రిలో వారం ఉంచి పంపించారు. కాలు ఇదివరకటి కంటే మెరుగే.

మాట కొంచెం మారింది. అరే తగ్గిపోయింది. యార్ వినపడడం లేదు. ఇప్పుడు భాయ్ ఎక్కువగా అంటున్నారు, ఒంటరిగా. ఇది వచ్చినప్పుడు చూద్దామన్నారుగా, అందుకని వివరంగా రాస్తున్నాను. నేను గదిలోకి రాగానే అంటారు. పొట్టిగా, తేలిగ్గా, చివర కొంచెం పైకి లేస్తుంది. తల కాస్త వంచుతారు. ఎడంచెయ్యి రెండు వేళ్లు గాలిలోకి లేస్తాయి. నన్ను ముట్టుకోరు, చెంగు పట్టుకోరు. నీళ్లిస్తే తాగి, గ్లాసు జాగ్రత్తగా తిరిగిచ్చి, మళ్లీ తల వంచుతారు. విసుగు లేదు, విసరడం లేదు. ఎంతో మర్యాదగా ఉంటున్నారు.

“చాలా శాంతంగా ఉంటున్నారండీ” అంది షారోన్. నాకూ సంతోషంగానే ఉంది. ఇది ఏ భాయ్?

వసుంధర


ఆటపాక
అక్టోబరు 29

వసుంధర గారికి,

ఉత్తరం అందింది. శాంతంగా ఉన్నాడంటే మంచిదే. భాయ్ అన్నది గౌరవమైన మాట. మీరూ నెమ్మదిగా బదులివ్వండి. కొల్లేటికి వలస పక్షులు వస్తున్నాయి. మందులు వేళకి వెయ్యండి.

జోసెఫ్


ఏలూరు
నవంబరు 11

అన్నయ్య గారికి,

అరే గురించి నాలుగు పేజీలు రాసినవారు, భాయ్ గురించి ఒక్క వాక్యం రాశారు. ఎప్పుడూ చెల్లెమ్మా అనేవారు, వసుంధర గారూ అన్నారు. పిల్లల అబద్ధాలు వాళ్ల చేతే ఒప్పించిన పంతులమ్మని నేను.

టీవీలో హిందీ సినిమాలు పెట్టుకుని కూర్చున్నాను, మీరు చూసినట్టే, కథ వదిలేసి. మూడో సినిమాలో దొరికింది. రైలు పెట్టెలో ఒకతను లోపలికొచ్చి, కూర్చున్నతనితో భాయ్ అన్నాడు. పొట్టిగా, చివర లేచింది. తల వంగింది. రెండు వేళ్లు లేచాయి. కొంచెం జరుగుతారా అని. వాళ్లిద్దరూ అంతకు ముందు ఒకరినొకరు చూసి ఎరగరు.

ఆయనకి నేనెవరో తెలియడం లేదు, అంతేనా?

వసుంధర


ఆటపాక
నవంబరు 18

చెల్లెమ్మా,

అంతే. రాయడానికి చెయ్యి రాలేదు, క్షమించండి.

తెలియని మనిషి సాయం కావలసినప్పుడు అనే భాయ్ అది. టీ కొట్టు దగ్గర, ప్లాట్‌ఫారం మీద వెయ్యిసార్లు విన్నాను. ఆడవాళ్లనైతే అక్కగారూ అన్నట్టు బెహన్‌జీ అంటారు, కానీ వాడి దగ్గర ఆ మాట లేదుగా. ఉన్నదాంట్లోనే మర్యాదైనది ఏరి మీకిస్తున్నాడు. ఇంట్లో ఎవరో ఒకావిడ తనని కనిపెట్టుకుని ఉందని తెలుసు వాడికి. ఎవరో తెలియదు.

ఓదార్చడం నాకు చేతకాదు. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే కైకలూరులో బస్సెక్కి వస్తాను. వాణ్ణి చూడాలి. నన్నూ భాయ్ అంటాడేమో, అననివ్వండి.

జోసెఫ్


ఆటపాక
నవంబరు 26

చెల్లెమ్మా,

క్షేమంగా ఇల్లు చేరాను. మీ చేతి పులిహోర పొట్లం సగం బస్సులోనే అయిపోయింది.

ఒక్కటి అడగాలి. నేను గదిలోకి అడుగుపెట్టినప్పుడు వాడు నన్ను చూసి ఏదో అన్నాడు. భాయ్ అంటే పెదాలు కలుస్తాయి, యార్ అంటే కలవవు. నా కళ్లు చెమ్మగిల్లి సరిగ్గా చూడలేకపోయాను. తిరిగి మీ ముఖం చూస్తే మీరు టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఏడుస్తున్నారు. అక్కడ అడగలేకపోయాను. ఏమన్నాడు? నాకు వినపడేలా రాయండి. ఏదైనా సరే దాచకండి, నేను దాచినట్టు.

జోసెఫ్


ఏలూరు
డిసెంబరు 3

అన్నయ్య గారికి,

మీరు గుమ్మం దాటుతుండగా ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. మీ చెప్పుల చప్పుడుకి తల తిప్పారు. ముందు అరే వచ్చింది. పొట్టిగా కాదు, చాలా సాగింది. పైకి లేచి, ఆగి, మెల్లగా కిందికి దిగింది. ఇన్నాళ్లూ ఎక్కడున్నావు అన్నట్టు. ఎడంచెయ్యి పక్కమీంచి లేచి మీ వైపు చాచారు. తల వంచలేదు. అప్పుడు అన్నారు, “యార్” అని. దానికి చివర లేదు. ఊపిరి అయిపోయేదాకా అన్నారు.

అన్నయ్య గారూ, మీరు పోల్చుకోలేకపోయిన పెదాలు భాయ్ అనలేదు. ఆయన మిమ్మల్ని గుర్తుపట్టారు.

నేను ఏడ్చింది సంతోషానికి మాత్రమే కాదు. మీకు అబద్ధం చెప్పను. ఈ మెదడు అన్నీ తుడిచేసి ఒక్క మనిషిని మిగుల్చుకుంటే, ఆ మనిషి నేను కాదు. మీరున్నంతసేపూ మీ చెయ్యి వదల్లేదు. మీకు టీ ఇచ్చి ఆయనకి గ్లాసు అందించాను. తల వంచి, రెండు వేళ్లు ఎత్తి, “భాయ్” అన్నారు నాతో. అదే గదిలో, అదే నిమిషంలో. మీ మీద కూడా కోపం వచ్చింది, ఎందుకు దాచాలి? మీరు వెళ్లాక తలుపు వేసుకుని, ఈయన్ని ఇంకెప్పుడూ రావద్దని రాసేద్దాం అనుకున్నాను.

మర్నాడు సాయంత్రం దీపం పెట్టి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన కొంచెం జరిగి నాకు చోటిచ్చి, కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు, రైల్లో పక్క సీటువాళ్లకి చోటిచ్చినట్టే. ఎంతసేపు కూర్చున్నా యార్ రాలేదు. నాకిక రాదని తెలుసు. జూలై, ఆగస్టుల్లో కొన్నాళ్లు వచ్చింది, అది నాదే. కానీ ఆ మాట లేకుండా ఈ ఇంట్లో ఉండలేకపోతున్నాను.

అందుకని అడుగుతున్నాను. మీరు ప్రతి ఆదివారం రండి. ఆయన మిమ్మల్ని పిలుస్తారు, మీకు వినపడదు. నన్ను పిలవరు, నాకు వినపడుతుంది. గుమ్మంలో నిలబడి మీ తరఫున నేను వింటాను. ఎలా అన్నారో కాగితం మీద రాసి అప్పటికప్పుడే మీ చేతికిస్తాను.

పదిన్నర బస్సు ఎక్కితే భోజనాల వేళకి వచ్చేస్తారు. మీకు కూడా వండుతాను.

మీ చెల్లెలు
వసుంధర